అడ్డంగా సాగిపోయే లెక్కల షీటుని నిలువు కాగితంలో ఎలా పట్టించాలి
(అపార్ట్‌మెంట్ సంఘాల కోశాధికారులు, చిన్న ఆఫీసుల అకౌంట్స్ వాళ్ల కోసం జరిగిన ఆదివారం క్లాసులో మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని టైప్ చేసినవి)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, స్క్రీన్ మీద అంకెలు చిన్నవి, అక్కణ్నించి కనపడవు.

సరే. ఈ షీటు చూడండి. ఒక అపార్ట్‌మెంట్ ఏడాది ఖర్చుల లెక్క, అంకెలన్నీ నేను ఉదాహరణకి వేసుకున్నవే, ఎవరి సంఘానివీ కావు కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. (నవ్వులు) ఎడమ పక్కన ఖర్చుల పద్దులు ఏడు ఉన్నాయి, వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు, వాటర్ ట్యాంకర్లు, హౌస్‌కీపింగ్, లిఫ్ట్ ఏఎంసీ, జనరేటర్ డీజిల్, రిపేర్లు, కింద మొత్తం. పైన ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలు, తర్వాత ఏడాది మొత్తం, సగటు, బడ్జెట్, తేడా. అంటే A1 నుంచి Q9 దాకా, పదిహేడు కాలమ్‌లు, తొమ్మిది వరసలు. మనందరం ఇలాగే వేస్తాం, ఎందుకంటే నెల అవగానే కుడిపక్కన ఇంకో కాలమ్ కలిపేస్తాం కదా, ఏప్రిల్‌లో బాగానే ఉంటుంది, మే, జూన్ కూడా బాగానే ఉంటాయి, మార్చికి వచ్చేసరికి రైలు బండి అయిపోతుంది.

ఇప్పుడు జనరల్ బాడీ మీటింగ్ వచ్చింది, దీన్ని ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించాలి, ఒక కాపీ ఫైల్లో పెట్టాలి. ప్రింట్ కొడితే ఏమవుతుందో మీకు తెలుసు. మొదటి పేజీలో ఏ అక్టోబరు దగ్గరో తెగిపోతుంది, మిగతాది రెండో పేజీ మీదకి పోతుంది, ఆ రెండో పేజీలో పద్దుల పేర్లు ఉండవు, అంకెలు మాత్రం ఉంటాయి, ఏ అంకె దేనిదో చూడాలంటే రెండు కాగితాలు పక్కపక్కన పట్టుకోవాలి.

ముందు కాగితం సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడుగు 29.7. ఎక్సెల్‌లో మామూలు మార్జిన్లు పక్కలకి 0.7 అంగుళాలు, పైనా కిందా 0.75 అంగుళాలు. అవి పోతే మనకి మిగిలే వెడల్పు సుమారు 6.9 అంగుళాలు, ఎత్తు 10.2 అంగుళాలు. వెడల్పుకి ఎత్తు ఒకటిన్నర రెట్లే కదా, పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది. కానీ గడి చూడండి. ఎక్సెల్ మామూలుగా ఇచ్చే గడి వెడల్పు 64 పిక్సెళ్లు, ఎత్తు 20 పిక్సెళ్లు, అంటే వెడల్పు ఎత్తుకి మూడు రెట్లు పైనే. అందుకని నిలువు పేజీలో కాలమ్‌లు తొమ్మిదో పదో పడతాయి, వరసలు మాత్రం నలభై ఎనిమిది దాకా పడతాయి. కాగితం అడ్డంగా మహా పిసినారి, నిలువుగా ధారాళం. మన షీటుకి అడ్డంగా పదిహేడు కావాలి, నిలువుగా తొమ్మిది చాలు. సరిగ్గా తిరగబడి ఉంది. తిప్పితే అడ్డం తొమ్మిది, నిలువు పదిహేడు. అంతే, ఈ రోజు క్లాసు అదే. (నవ్వులు) కూర్చోండి కూర్చోండి, తిప్పేటప్పుడు పాడయ్యేవి చాలా ఉన్నాయి, అవి చెప్పడానికే వచ్చాను.

ఇక్కడ ముందు వరసలో అమ్మగారు అంటున్నారు, పేజీ సెటప్‌లో ఒక పేజీకి పట్టించమంటే సరిపోతుంది కదా, ఇంత తిప్పలెందుకు అని. మంచి ప్రశ్న, చాలామంది చేసేది అదే. చేసి చూద్దాం. మన షీటులో పద్దుల పేర్ల కాలమ్ ఒక్కటే 1.7 అంగుళాలు ఉంది, ఒక్కో నెల 0.71 చొప్పున పన్నెండు నెలలకి 8.5, చివరి నాలుగు కాలమ్‌లు కలిపి 3.4. మొత్తం 13.6 అంగుళాలు. ఉన్న చోటు 6.9. అంటే సగానికి కుదించాలి. ఇదిగో, Page Setup లో Adjust to అని ఉన్నచోట చూడండి, 50 శాతం చూపిస్తోంది. 11 పాయింట్ల అక్షరం 5.5 పాయింట్లు అయిపోయింది. అది మందు డబ్బా మీద అక్షరంలా ఉంటుంది, నోటీసు బోర్డు దగ్గర పెద్దాయన ఎవరైనా నిలబడి చదవగలరా? పైగా తమాషా ఏంటంటే, అడ్డంగా పట్టకపోవడం వల్ల నిలువుగా కూడా కుదించేసింది కాబట్టి టేబుల్ పేజీ పైభాగాన చిన్న పట్టీలాగా ఉండిపోయి కింద కాగితమంతా తెల్లగా మిగిలింది. అలా మిగిలిన తెల్ల కాగితం కనపడితే చాలు, ఈ టేబుల్‌ని తిప్పొచ్చేమో అని అనుమానం రావాలి మీకు.

ల్యాండ్‌స్కేప్ పెడితే అంటారా, పెడితే 10.3 అంగుళాలు దొరుకుతుంది, స్కేల్ 75 శాతం, అక్షరం 8 పాయింట్లు, చదవొచ్చు. నేను ల్యాండ్‌స్కేప్‌కి వ్యతిరేకిని కాను, ఒక్క కాగితం విడిగా ఇచ్చేదైతే అదే చేయండి, రెండు నిమిషాల పని. కానీ ముందూ వెనకా పేజీలన్నీ నిలువుగా ఉండి, ఎడమ పక్క పంచ్ కొట్టి ఫైల్లో పెట్టే రిపోర్టు అయితే మధ్యలో ఒక్క పేజీ అడ్డం తిరిగితే చదివేవాడు ఫైలంతా తిప్పాలి, పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపితే ఫోన్ తిప్పాలి, తిప్పితే కొన్ని ఫోన్లలో స్క్రీన్ తిరగదు, ఆ గొడవంతా ఉంది.

ఇంకో మాట, ఇది నా ఇష్టాఇష్టాల మాట కాదు, చదవడంలో నిజంగా తేడా వస్తుంది. ఒకే రకం అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటే కన్ను వెంటనే పోలుస్తుంది. వాటర్ ట్యాంకర్లకి ఏప్రిల్‌లో 18,000, మేలో 22,500, జూన్‌లో 9,000 అని కిందకి వరసగా ఉంటే వేలు వేల కింద, వందలు వందల కింద పడతాయి, మేలో పెరిగింది అని చదవకుండానే తెలుస్తుంది. అదే అడ్డంగా ఉంటే ఒక్కొక్క అంకె చదువుకుంటూ పోవాలి. మన షీటులో నెలలు కిందకి దిగితే ఒక్కో పద్దు ఒక్కో కాలమ్ అవుతుంది, అందుకని తిప్పితే చోటు కలిసి రావడమే కాదు, చదవడమూ సులువవుతుంది.

కానీ దీనికి ఉల్టా కూడా ఉంది, అది మర్చిపోవద్దు. మీ షీటులో పక్కపక్క కాలమ్‌లలో వేరువేరు కొలతలు ఉన్నాయనుకోండి, ఒకదాంట్లో డీజిల్ లీటర్లు, పక్కన రేటు, దాని పక్కన రూపాయలు, ఆ పక్కన శాతం. దాన్ని తిప్పితే ఒకే కాలమ్‌లో పైన లీటర్లు, కింద రేటు, దాని కింద రూపాయలు, చివర శాతం, అన్నీ ఒకే వెడల్పు గడుల్లో. చూస్తే ఏం అర్థం కాదు, పొరపాటున కూడితే ఇంకా ఘోరం. అలాంటిదాన్ని తిప్పకండి. అలాగే నలభై ఫ్లాట్ల మెయింటెనెన్స్ వసూళ్ల షీటు ఉంటుంది కదా, నలభై వరసలు, పదమూడు కాలమ్‌లు, దాన్ని తిప్పితే నలభై కాలమ్‌లు అవుతాయి, ఉన్న జబ్బు ముదురుతుంది. తిప్పాక వచ్చే కాలమ్‌లు తొమ్మిదో పదో దాటకూడదు, అదీ లెక్క.

సరే, తిప్పుదాం. మొదటి పద్ధతి మీలో సగం మందికి తెలిసే ఉంటుంది. A1 నుంచి Q9 దాకా సెలెక్ట్ చేసి Ctrl+C కొట్టండి, కట్ కాదు, కాపీయే, కట్ చేస్తే ఈ సదుపాయం రాదు. కొత్త షీటు తెరిచి A1 మీద రైట్ క్లిక్ చేసి Paste Special లోకి వెళ్లి కింద Transpose అని ఉన్న గడిలో టిక్ పెట్టి ఓకే. పాత టేబుల్ మీదే పెట్టబోతే ఒప్పుకోదు, ఖాళీ చోటు కావాలి. ఇంకోటి, మీరు డేటాని Ctrl+T కొట్టి రంగురంగుల టేబుల్‌గా మార్చి ఉంటే ఈ Transpose పని చెయ్యదు, ముందు Convert to Range చేసుకోవాలి, లేదా నేను తర్వాత చెప్పే ఫంక్షన్ వాడుకోవాలి.

చూశారా, తిరిగింది. ఇప్పుడు చాలామంది ఇక్కడితో ఆపేసి ప్రింట్ కొడతారు. ఆగండి. ఈ అంకెలు చూడండి, నెలల గడులన్నీ సున్నాలు! కొన్ని షీట్లలో సున్నాలు కూడా రావు, ఏవో వేరే అంకెలు వస్తాయి, అది ఇంకా ప్రమాదం.

ఎందుకిలా అయ్యిందో నెమ్మదిగా చూద్దాం. ఈ షీటులో ఫార్ములాలు రెండు రకాలు ఉన్నాయి. ఒక రకం టేబుల్ లోపలి గడులనే చూస్తుంది. N2 లో వాచ్‌మన్ జీతం ఏడాది మొత్తం ఉంది, నెలకి 14,000 చొప్పున 1,68,000, దాని ఫార్ములా ఇది.

```
=SUM(B2:M2)
```

తిప్పాక ఆ గడి B14 కి వచ్చింది, ఫార్ములా ఇలా మారింది.

```
=SUM(B2:B13)
```

కరెక్టే కదా. ఎక్సెల్ ఏం చేసిందంటే, డాలర్ గుర్తు లేని ఫార్ములాని అది చిరునామాగా గుర్తుపెట్టుకోదు, నా గడి నుంచి ఎడమకి ఇన్ని గడులు, పైకి ఇన్ని గడులు అని దూరంగా గుర్తుపెట్టుకుంటుంది, తిప్పినప్పుడు ఆ దూరాలని కూడా తిప్పేస్తుంది, ఎడమకి పన్నెండు అన్నది పైకి పన్నెండు అవుతుంది. టేబుల్ కూడా అలాగే తిరిగింది కాబట్టి లోపలి లెక్కలు చక్కగా కుదురుతాయి. నెల మొత్తాలు కూడా అంతే, B9 లో ఉన్నది I2 కి వచ్చి B2 నుంచి H2 దాకా కూడుతోంది, బాగానే ఉంది.

రెండో రకం బయటి షీట్లని చూసేవి. మనం ప్రతి నెలకి ఒక షీటు పెట్టుకుని, ఏడాది షీటులో లింకు ఇస్తాం కదా. B2 లో ఏప్రిల్ వాచ్‌మన్ జీతం ఇలా ఉంది.

```
=Apr!F20
```

B2 నుంచి F20 ఎంత దూరం? కిందకి పద్దెనిమిది, కుడికి నాలుగు. తిప్పినప్పుడు ఎక్సెల్ దాన్ని కూడా తిప్పేసింది, కిందకి నాలుగు, కుడికి పద్దెనిమిది అయ్యింది, ఇప్పుడు ఆ ఫార్ములా ఇలా ఉంది.

```
=Apr!T6
```

కానీ ఏప్రిల్ షీటుని మనం తిప్పలేదు కదా! అది ఎలా ఉందో అలాగే ఉంది, అక్కడ T6 లో ఏమీ లేదు, ఖాళీ గడిని చూస్తే సున్నా వస్తుంది. కరెంటు బిల్లు U6 ని చూస్తోంది, ఇలా ఒక్కో పద్దు ఒక్కో తప్పు గడికి పోయింది. ఎర్రర్ ఏమీ రాదు, ఎర్ర గుర్తు ఏమీ రాదు. మన అదృష్టం బాగుంటే అన్నీ సున్నాలు వచ్చి కనపడిపోతుంది, ఏప్రిల్ షీటులో కుడిపక్కన ఎవరైనా రఫ్ లెక్కలు రాసుకుని ఉంటే ఆ రఫ్ అంకెలే జీతాల కింద వచ్చి కూర్చుంటాయి.

డాలర్ గుర్తు ఉంటే కథ రివర్స్. బయటి లింకుకి డాలర్లు ఉంటే, అంటే $F$20 అని ఉంటే, అది కదలదు కాబట్టి సరిగ్గానే ఉంటుంది. లోపలి ఫార్ములాలో డాలర్ ఉంటే మాత్రం అది పాడవుతుంది. ఉదాహరణకి ఎవరైనా ఒక్కో పద్దు మొత్తం ఖర్చులో ఎంత శాతమో చూపించడానికి R కాలమ్‌లో ఇలా రాశారనుకోండి.

```
=N2/$N$9
```

తిప్పాక పై భాగం B14 గా మారుతుంది, కింది భాగం $N$9 గానే ఉండిపోతుంది, కొత్త షీటులో N9 ఖాళీ, మొత్తం ఇప్పుడు I14 లో ఉంది, కాబట్టి #DIV/0! వస్తుంది. ఇది కనీసం అరిచి చెబుతుంది, నాకు ఇలాంటి తప్పంటే పెద్ద భయం లేదు. నోరెత్తకుండా సున్నా చూపించేదే భయం.

మరి బయటి లింకులు ఉన్న షీటుని ఎలా తిప్పాలి? ఫార్ములాలు అక్కర్లేదు, అంకెలు చాలు అనుకుంటే Paste Special లో Values, Transpose రెండూ కలిపి పెట్టండి, అయిపోయింది. ఏడాది ముగిసి ఆడిటర్ సంతకం అయిపోయిన లెక్కకి ఇదే బాగుంటుంది, ఇక మారేది ఏమీ లేదు కాబట్టి. లింకులు కూడా బతికే ఉండాలంటే ఒక పాత కిటుకు ఉంది. ముందు షీటుకి కాపీ తీసుకోండి, ఆ కాపీలో లింకులు ఉన్న భాగం, అంటే B2 నుంచి M8 వరకే సెలెక్ట్ చేసి Ctrl+H కొట్టి = గుర్తుని # గా మార్చేయండి. ఇప్పుడు అవి ఫార్ములాలు కావు, ఉత్త అక్షరాలు, ఎటు తిప్పినా మారవు. మొత్తం టేబుల్‌ని తిప్పండి. తిప్పాక కొత్త చోట B2 నుంచి H13 వరకు సెలెక్ట్ చేసి # ని మళ్లీ = గా మార్చండి. లింకులన్నీ పాత చిరునామాలతో లేచి కూర్చుంటాయి. మొత్తాల గడులని మాత్రం ఇందులో కలపకండి, వాటిని ఎక్సెల్ సరిగ్గానే తిప్పుతోంది కదా, మనం వేలు పెట్టనక్కర్లేదు.

(సభలోంచి ఒకరు: సార్, ప్రతి నెలా తిప్పుకోవాలంటే ఇదంతా ప్రతిసారీ చెయ్యాలా?)

అక్కర్లేదండీ, అందుకే రెండో పద్ధతి, నేనైతే ఎక్కువ ఇదే వాడతాను. అసలు షీటుని కదపొద్దు. దాని పేరు Year అనుకోండి. ప్రింట్ కోసం ఇంకో షీటు పెట్టుకుని దాని A1 లో ఇది రాయండి.

```
=TRANSPOSE(Year!A1:Q9)
```

ఎంటర్ కొడితే పదిహేడు వరసలూ తొమ్మిది కాలమ్‌లూ తనంతట తనే పరుచుకుంటాయి. అసలు షీటులో అంకె మారిస్తే ఇక్కడా మారుతుంది. ఇది ఫార్ములాలని కాకుండా వాటి ఫలితాలనే తెస్తుంది కాబట్టి ఇందాకటి లింకుల గొడవ అసలు రానే రాదు. ఇలా పరుచుకోవడం మైక్రోసాఫ్ట్ 365, ఎక్సెల్ 2021 లాంటి కొత్తవాటిలో. 2016, 2019 ఉన్నవాళ్లు ముందే A1 నుంచి I17 దాకా గడులన్నీ సెలెక్ట్ చేసుకుని, ఫార్ములా టైప్ చేసి, ఎంటర్ బదులు Ctrl+Shift+Enter కొట్టాలి, తక్కువ గడులు సెలెక్ట్ చేస్తే టేబుల్ మధ్యలో తెగిపోతుంది, ఎక్కువ చేస్తే అదనపు గడుల్లో #N/A వస్తుంది. కొత్త ఎక్సెల్‌లో #SPILL! అని వస్తే పరుచుకునే దారిలో ఏదో గడిలో ఏదో ఉందని అర్థం, ఒక్కోసారి ఉత్త స్పేసు కొట్టి ఉంటుంది, కనపడదు, ఆ చోటంతా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి.

దీనికీ రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, అసలు షీటులో ఖాళీ గడులు ఇక్కడ సున్నాలు అవుతాయి. అకౌంట్స్‌లో ఖాళీ వేరు, సున్నా వేరు కదండీ. జూలైలో ట్యాంకర్ తెప్పించలేదు కాబట్టి సున్నా, ఫిబ్రవరి డీజిల్ బిల్లు ఇంకా రాలేదు కాబట్టి ఖాళీ. రెండూ సున్నాగా చూపిస్తే మీటింగ్‌లో ఎవరో ఒకరు లేచి ఫిబ్రవరిలో జనరేటర్ నడవనే లేదా అని అడుగుతారు. అందుకని ఇలా రాసుకోండి.

```
=TRANSPOSE(IF(Year!A1:Q9="","",Year!A1:Q9))
```

ఒక్క మాట, ఫిబ్రవరి గడిలో లింకు ఫార్ములా ఉంటే ఇది కూడా కాపాడలేదు, ఎందుకంటే ఖాళీ గడికి ఇచ్చిన లింకు అసలు షీటులోనే సున్నా అయిపోతుంది. అక్కడ ఆ గడిలోనే ఇదే రకం IF పెట్టుకోవాలి.

రెండోది, ఫార్మాట్లు రావు. రంగులు, గీతలు, కామాలు ఏవీ రావు. నెలల పేర్లు మీరు అక్షరాలుగా టైప్ చేసి ఉంటే పర్లేదు, నిజమైన తేదీలుగా పెట్టి ఏప్రిల్-24 లాగా కనపడేట్టు చేసి ఉంటే ఇక్కడ 45383 అని వస్తుంది. కంగారు పడకండి, అది 2024 ఏప్రిల్ 1 కి ఎక్సెల్ లోపల పెట్టుకునే సంఖ్య, ఆ కాలమ్‌కి తేదీ ఫార్మాట్ ఇస్తే సరిపోతుంది. ఒకసారి ఫార్మాట్ చేసుకుంటే ఏడాదంతా అలాగే ఉంటుంది, ప్రతి నెలా చెయ్యక్కర్లేదు.

మెర్జ్ చేసిన గడుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కొంతమంది నెలల పైన మొదటి త్రైమాసికం అని మూడు గడులు కలిపి పెద్దక్షరాలతో పెడతారు, చూడ్డానికి బాగుంటుంది. తిప్పేటప్పుడు అదే గుదిబండ. కలిపినట్టు కనపడుతుంది గానీ మాట మొదటి గడిలోనే ఉంటుంది, మిగతా రెండూ ఖాళీ, ఫంక్షన్‌తో తెస్తే త్రైమాసికం పేరు ఒక గడిలో, కింద రెండు సున్నాలు. తిప్పే ముందు మెర్జ్ తీసేసి మూడు గడుల్లోనూ పేరు రాసేయండి, లేదంటే అసలు ఆ వరసే తీసేయండి, నెలలు కిందకి దిగాక ప్రతి మూడో వరస కింద ఒక సన్న గీత గీస్తే త్రైమాసికం తెలిసిపోతుంది.

తిప్పిన తర్వాత సరిచూడాలి, ఇది వదిలేయకండి. ప్రింట్ వచ్చే చోటుకి దూరంగా ఏదో ఒక గడిలో ఇది రాయండి.

```
=SUM(Year!B2:M8)-SUM(B2:H13)
```

సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో పోయింది. మొదటి పద్ధతిలో లింకులు పాడైతే ఇక్కడ పట్టుబడుతుంది. కానీ మొత్తం కుదిరినంత మాత్రాన గడులు కుదిరినట్టు కాదు, అంకెలు చోట్లు మారినా మొత్తం అదే వస్తుంది కాబట్టి, రెండు గడులు కళ్లతో చూడండి. B2 ని చూస్తే లాభం లేదు, అది తిప్పినా B2 లోనే ఉంటుంది. మూలకి దూరంగా ఉన్నవి చూడాలి, జనవరి డీజిల్ అసలు షీటులో K7, ఇక్కడ G11, రెండూ ఒకటేనా? మే నెల రిపేర్లు C8, ఇక్కడ H3, అవీ ఒకటేనా? అయితే సరే.

ఇప్పుడు ప్రింట్. కాలమ్ వెడల్పులు తిరగవు, పాత వెడల్పులు కొత్త టేబుల్‌కి రావు, మనమే సర్దుకోవాలి. నెల పేరుకి 0.7 అంగుళం, ఏడు పద్దులకి ఒక్కోటి 0.75, మొత్తానికి 0.85, కలిపితే 6.8, ఉన్నది 6.9. ఒరుసుకుంటూ పట్టింది! కుదింపు ఏమీ లేదు, 11 పాయింట్ల అక్షరం 11 పాయింట్లలోనే. ఫైలుకి పంచ్ కొట్టాలని ఎడమ మార్జిన్ ఒక అంగుళం చేస్తే 6.6 కూడా మిగలదు, అప్పుడు స్కేల్ 96 శాతానికి దిగుతుంది, కంటికి తెలీదు. 85 కన్నా దిగితే మాత్రం ఏదో కాలమ్ ఎక్కువైందని అర్థం. Page Setup లో ఒక పేజీ వెడల్పు అని పెట్టి, ఎత్తు దగ్గర అంకె తీసేసి ఖాళీగా వదిలేయండి. కాగితం సైజు ఏ4 అని ఉందో లేదో కూడా చూడండి, కొన్ని కంప్యూటర్లలో లెటర్ సైజు ఉంటుంది, అది వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ, స్క్రీన్ మీద పట్టినట్టు కనపడి ఏ4 కాగితం మీద చివరి కాలమ్ తెగుతుంది.

అంకెలకి బదులు ##### కనపడితే ఆ కాలమ్ ఇరుకైందని. 1,68,000 కి తొమ్మిది అక్షరాల వెడల్పు చాలు, అదే మొత్తం కాలమ్‌లో 10 లక్షలు దాటితే కామాలతో కలిపి తొమ్మిది అక్షరాలు అవుతుంది, పక్కన కాస్త చోటు ఉండాలి కాబట్టి పదకొండు పెట్టుకోండి. పైసలు తీసేయండి, జనరల్ బాడీకి పైసలతో పనేముంది, ఒక్కో అంకెకి మూడు అక్షరాల చోటు మిగుల్తుంది.

తిప్పినప్పుడు నిజంగా బాధపెట్టేది హెడింగులు. ఇందాక ఎడమ పక్కన 1.7 అంగుళాలు తిన్న పేర్లు ఇప్పుడు 0.75 లో పట్టాలి. వాటర్ ట్యాంకర్లు అన్నది రెండు లైన్లలో పెట్టాలి, Wrap Text నొక్కండి, లేదా ఎక్కడ విరగాలో మీరే Alt+Enter తో విరవండి, లేకపోతే ఎక్సెల్ మాటని మధ్యలో విరిచేస్తుంది. ఈ Alt+Enter టైప్ చేసిన పేర్లకే, ఫంక్షన్‌తో తెచ్చుకుంటుంటే అసలు షీటులోనే విరవాలి. కొందరు హెడింగుని 90 డిగ్రీలు నిలబెడతారు. ఇంగ్లీషు పేర్లకి సరే, తెలుగు అక్షరాలు నిలబెడితే వత్తులూ గుణింతాలూ పక్కకి పోయి మెడ వంచి చదవాలి, నాకైతే నచ్చదు. తెలుగు హెడింగులకి ఇంకో జాగ్రత్త, గౌతమి లాంటి ఫాంట్లలో అక్షరానికి కిందా పైనా చోటు ఎక్కువ కావాలి, 15 పాయింట్ల వరసలో పెడితే కింద వత్తు తెగిపోయి హౌస్‌కీపింగ్ కాస్తా ఇంకేదో అవుతుంది. హెడింగు వరసకి 45 పాయింట్లు ఇవ్వండి. ఎత్తుకి మనకి కరువు లేదు కదా, పదిహేడు వరసలకి మామూలుగా అయితే మూడున్నర అంగుళాలే పడుతుంది, నెలల వరసలని కూడా 22 పాయింట్లకి పెంచండి, గాలి ఆడుతుంది, ఇంకా కింద సగం పేజీ ఉంటుంది, అక్కడ నోట్సు, సంతకాలు పెట్టుకోవచ్చు. ఆ తెల్ల చోటు ఇప్పుడు పనికొచ్చింది.

(సభలోంచి ఒక మహిళ: మాకు పద్దులు ఏడు కాదండీ, పదహారు ఉన్నాయి. తిప్పితే పదిహేడు పైనే అవుతాయి కదా?)

అవునమ్మా, మీకు తిప్పినా లాభం లేదు, చదరంలాగా ఉన్న టేబుల్‌ని ఎటు తిప్పినా చదరమే. మీకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఏడాదికి రెండు మూడు వేలు దాటని పద్దులు ఉంటాయి కదా, స్టేషనరీ, బల్బులు, పురుగుల మందు, అవన్నీ కలిపి ఇతర ఖర్చులు అని ఒక్క కాలమ్ చేసి, వివరం కింద నోట్సులో రాయండి, పదహారు కాస్తా ఎనిమిదికి దిగొచ్చు. సభ్యులు వివరం కావాలని పట్టుబడితే రెండో దారి, అసలు తిప్పకుండా మధ్యకి మడవండి. పైన ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆరు నెలలు, దాని కిందే అక్టోబరు నుంచి మార్చి ఆరు నెలలూ మొత్తం, పద్దుల పేర్లు రెండుచోట్లా. పై భాగానికి ఏడు కాలమ్‌లు, కింది భాగానికి ఎనిమిది, రెండు భాగాలూ కలిపి నలభై లోపు వరసలు, ఒక నిలువు పేజీలో పడుతుంది. మీ లెక్కకి నేను ఇదే చేస్తాను.

(ఇంకొకరు: ఫోన్లో గూగుల్ షీట్స్‌లో వస్తుందా?)

TRANSPOSE ఫార్ములా ఫోన్లో టైప్ చేసినా పని చేస్తుంది, షీట్స్‌లో అది తనే పరుచుకుంటుంది. కంప్యూటర్‌లో అయితే Paste special లో Transposed అని ఉంటుంది. తర్వాత అంకెలు సరిచూసుకోవడం మాత్రం అక్కడా తప్పదు.

(ముందు వరస నుంచి: మా రిపోర్టు వర్డ్‌లో ఉంటుందండీ, టేబుల్ అందులోనే గీశాం.)

వర్డ్‌లో తిప్పే మీట లేదండీ. ఆ టేబుల్‌ని కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టండి, అక్కడ తిప్పి, మళ్లీ వర్డ్‌లోకి తెచ్చుకోండి. ఒక్క జాగ్రత్త, వర్డ్ గడిలో ఎంటర్ కొట్టి రెండు లైన్లు రాసి ఉంటే ఎక్సెల్‌లో అవి రెండు వరసలుగా విడిపోతాయి, తిప్పితే రెండు కాలమ్‌లు అవుతాయి. తీసుకెళ్లే ముందే వర్డ్‌లో ఆ ఎంటర్లు తీసేయండి, తిరిగొచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు.

ఇక మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను. అపార్ట్‌మెంట్ లెక్క తెచ్చుకోనివాళ్లకి ఈ షీటే పంపిస్తున్నా, అందులో లింకులు డాలర్లు లేకుండా అలాగే ఉంచాను, ముందు మామూలుగా తిప్పి ఆ సున్నాలు రప్పించండి.